కారు కొన్నారటగా!

మా హూరాలో ఎవరైనా కొత్త కారు కొంటే కింద కాపలా కాసే అబ్బాయి నుంచి పై అంతస్తులో ఉండే బహ్రెయినీ ఆవిడ దాకా అందరూ ఒకటే మాట అంటారు: మబ్రూక్! కారుకైనా అదే, ఇంటికైనా అదే, బిడ్డ పుట్టినా అదే. బరకత్ అంటే దీవెన. మబ్రూక్ అంటే దీవెన పొందినది అని అర్థం. దానికి జవాబు కూడా తయారుగా ఉంటుంది. అల్లా యబారిక్ ఫీక్, అంటే దేవుడు నిన్నూ దీవించాలి. ఎదుట ఉన్నది ఆడమనిషి అయితే ఇక్కడి యాసలో చివరి మాట ఫీచ్ అవుతుంది. అరబ్బీ రానివాళ్ళకి కూడా ఈ రెండు ముక్కలతో పని జరిగిపోతుంది.

తెలుగులో అలాంటి ఒక్క మాట లేదు. కంగ్రాచ్యులేషన్స్ అనే ఇంగ్లీషు మాట ఉంది కదా అంటారు, నిజమే, మనవాళ్ళు ఎక్కువగా అదే వాడతారు. కానీ పోయిన నెల మా వదినకి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, ఆ వారంలోనే కారు కూడా వచ్చింది. ఆమెకి తెలుగులో ఒక చిన్న కార్డు రాయాలనుకున్నాను. నేను సికింద్రాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నదాన్ని. తెలుగు అక్షరాలు అరవై దాటాక పట్టుకున్నాను. మూడు లైన్ల కార్డుకి మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు సాయంత్రాల్లో తేల్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆవిడ గురించి చెప్పాలి, లేకపోతే ఏ మాట ఎందుకు వద్దనుకున్నానో తెలియదు. వదిన అంటే నిజంగా అన్న భార్య కాదు. గుడిలో ఇద్దరం కలిసి ప్రసాదాలు చేస్తాం, ఆమె నన్ను వదినగారూ అంటుంది, నేను వదినా అంటాను, ఇద్దరం ఒకరినొకరు మీరు అనుకుంటాం. అందువల్ల వాళ్ళాయన నాకు అన్నయ్యగారు. ఆమెకి యాభై ఎనిమిది. రాజమండ్రిలో పెళ్ళికి ముందు లూనా నడిపింది, ఇక్కడికి వచ్చాక ముప్పై ఏళ్ళు అన్నయ్యగారి పక్కసీట్లో కూర్చుంది. రెండేళ్ళ కిందట షుగరు వల్ల ఆయన చూపు తగ్గింది. నెలనెలా కంట్లో ఇంజెక్షను వేయించాలి. ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. పాత కారు అమ్మేశారు. టాక్సీల్లో తిరిగారు. అప్పుడు వదిన డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

నాలుగోసారికి పాసైంది. మొదటి రెండుసార్లు వెనక్కి పార్కు చేసేటప్పుడు పోయింది. మూడోసారి రౌండెబౌట్ దగ్గర. అది చెప్పుకోదగ్గ సంగతి. బహ్రెయిన్‌లో 1967 దాకా మన దేశంలోలాగే రోడ్డుకి ఎడమవైపు నడిపేవారు. ఆ ఏడాది నవంబరులో కుడివైపుకి మార్చారు. అందువల్ల ఇక్కడ రౌండెబౌట్‌లో తిరిగే బండి మనకి ఎడమవైపు నుంచి వస్తుంది, లోపల ఉన్నవాడికి దారి ఇచ్చి మనం ఆగాలి. మన ఊళ్ళో అయితే కుడివైపు నుంచి వస్తుంది. లూనా మీద కుర్రతనంలో నేర్చిన మెడ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ముందు కుడివైపే తిరిగింది. ఎడమ నుంచి వస్తున్న వ్యాను కనబడేసరికి పక్కనున్న పరీక్షాధికారి బ్రేకు తొక్కేశాడు. అంతే, మళ్ళీ రమ్మన్నారు. నాలుగోసారికి అన్నయ్యగారు ఇంట్లో ఒక పని చేయించారు. భోజనాల బల్ల చుట్టూ ఆమెను నడిపించి, బల్ల మూల దగ్గరికి రాగానే 'ఎడమ' అని తనే గట్టిగా అనేవారు. మెడ అలవాటు మారేదాకా పదిహేను రోజులు అదే పని.

ఇప్పుడు కార్డు సంగతి.

మన పెద్దవాళ్ళు నోటితో ఎలా అభినందిస్తారో గమనించండి. ఎవరూ అభినందనలు అనరు. 'కారు కొన్నారటగా!' అంటారు. 'లైసెన్సు వచ్చిందటగా!' అంటారు. ఈ చిన్న తోకలో రెండు ముక్కలున్నాయి. 'అట' అంటే నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను అని. 'గా' అంటే అవునా కాదా మీరే చెప్పండి అని. రెండూ కలిస్తే సంతోషం, కొంచెం నిష్ఠూరం, రెండూ వస్తాయి: నాకు చెప్పనే లేదు, ఊరంతా చెప్పుకుంటుంటే తెలిసింది సుమా, అన్నట్టు. అవతలివాళ్ళు వెంటనే, 'అయ్యో, మీకే ముందు చెబుదామనుకున్నానండీ' అంటారు. అక్కడితో మాట మొదలవుతుంది. మబ్రూక్‌కి జవాబు ఉన్నట్టే దీనికీ జవాబు ఉంది, కాకపోతే అది ప్రతిసారీ కొత్తగా అల్లుకోవాలి.

దీనికి ఒక షరతు ఉంది. విన్నది మూడోమనిషి నోట అయితేనే 'అట' పనికొస్తుంది. వదిన పరీక్ష హాలు బయట నిలబడి మొట్టమొదట నాకే ఫోన్ చేసింది. ఆమె నోటితోనే విన్న సంగతిని తిరిగి ఆమెకే 'వచ్చిందటగా' అంటే, నేను మీ మాట నమ్మలేదు అన్నట్టు ఉంటుంది. అందుకని నాకు ఎంతో ఇష్టమైన ఆ వాక్యం నా కార్డులోకి రాలేకపోయింది. శీర్షికలో పెట్టుకుని ముచ్చట తీర్చుకున్నాను. మీరు వాడుకోండి. మీ చిన్నాన్న కొడుకు కారు కొన్న సంగతి మీ అమ్మ ద్వారా తెలిస్తే, ఫోనులో మీ మొదటి మాట ఇదే కావచ్చు: ఏరా, కారు కొన్నావటగా!

ఆ తర్వాత మాట మిఠాయి మీదికి వెళుతుంది. 'మరి స్వీటేదీ?' 'పార్టీ ఎప్పుడు?' ఇంగ్లీషు చదువు చదివిన మా బోటివాళ్ళకి ఇది అడుక్కున్నట్టు వినిపిస్తుంది. కాదు. మీ సంతోషంలో నాకూ వాటా ఉంది అని చెప్పే పద్ధతి. అడగకపోతేనే దూరం పెట్టినట్టు. అలా అని కొత్తగా పరిచయమైనవాళ్ళని, ఆఫీసులో పెద్దవాళ్ళని అడగరు.

రాతలో అయితే అభినందనలు, శుభాకాంక్షలు అని రెండు మాటలున్నాయి. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది కలిపేస్తున్నారు, పేపర్లలోనూ చూస్తున్నాను. తేడా తెలుసుకుంటే మంచిది. ఆకాంక్ష అంటే కోరిక. శుభాకాంక్షలు అంటే ముందు ముందు మంచి జరగాలని కోరడం. పుట్టినరోజుకి, ఉగాదికి, కొత్త కాపురానికి ఇది సరిపోతుంది. అభినందన అంటే జరిగిపోయిన మంచికి సంతోషించడం. పరీక్ష పాసైనవాళ్ళకి, బహుమతి గెలిచినవాళ్ళకి ఇది. లైసెన్సు జరిగిపోయింది, ఆమె సాధించింది, కాబట్టి దానికి అభినందనలు. కారు ఇంకా ఎన్నో ఏళ్ళు నడవాలి, కాబట్టి దానికి శుభాకాంక్షలు. ఒకే వారంలో రెండూ వచ్చాయి గనుక నా కార్డులో రెండు మాటలకీ చోటు దొరికింది. రెండూ ఎప్పుడూ బహువచనంలోనే రాస్తాం.

దేనికి అభినందనలో చెప్పడానికి 'అందుకు' కలుపుతాం. పాసైన, అందుకు: పాసైనందుకు. కొన్న, అందుకు: కొన్నందుకు. వచ్చిన, అందుకు: వచ్చినందుకు. ఇది వస్తే ఇంక ఏ సందర్భానికైనా రాసుకోవచ్చు. ఇంకో సంగతి. తెలుగులో పరీక్షని ఎవరూ పాస్ చేయరు, పరీక్ష పాసవుతారు. అలాగే లైసెన్సు మన దగ్గరికి వస్తుంది. నేను లైసెన్సు పొందాను అని రాస్తే తప్పు కాదు గానీ ఇంట్లో ఎవరూ అలా అనరు. నాకు లైసెన్సు వచ్చింది, నాకు డ్రైవింగ్ వచ్చు. రావడం అనే ఒక్క క్రియ రెండు పనులు చేస్తుంది.

నాకు ఎక్కువ సమయం పట్టింది వీటికి కాదు. 'మొత్తానికి', 'ఎట్టకేలకు', 'గట్టెక్కారు' అనే మూడు మాటల దగ్గర ఆగిపోయాను. తెలుగువాళ్ళ నోట ఇలాంటి సందర్భంలో ఇవే ముందొస్తాయి. మొత్తానికి సాధించారు! ఎట్టకేలకు లైసెన్సు వచ్చింది! హమ్మయ్య, గట్టెక్కారు! వినడానికి మూడూ మెప్పులే. కానీ లోపల ఒక లెక్క ఉంది. మొత్తానికి అంటే అటూ ఇటూ అయినా చివరికి పని జరిగింది అని. ఇది తేలిక, కష్టపడ్డావు అన్న జాలి కూడా ఉంది. ఎట్టకేలకు అంటే చాలా ఆలస్యమైంది, ఇంత ఆలస్యమవుతుందని అనుకోలేదు అని. గట్టెక్కడం ఏట్లో పడ్డవాడు ఒడ్డుకి చేరడం, అంటే మునిగిపోయేవాడే, ఎలాగో బయటపడ్డాడు. స్నేహితుల మధ్య వేళాకోళంగా బాగుంటుంది. నాలుగుసార్లు పరీక్ష రాసిన మనిషికి కార్డు మీద రాసి ఇస్తే, ఆ కార్డు ఫ్రిజ్ మీద ఉన్నంతకాలం నాలుగు అనే అంకె కూడా అక్కడే ఉంటుంది. మూడూ తీసేశాను. మొత్తానికి మాత్రం ఫోనులో అన్నాను. నోటి మాట గాలికి పోతుంది, పైగా గొంతులో నవ్వు వినబడుతుంది.

క్రియ దగ్గర కూడా కొంత ఆలోచించాను. కారు నడపడం అనాలా, తోలడం అనాలా? ఊళ్ళలో బండి తోలడం అని చక్కగా అంటారు, ఇప్పటికీ వింటాం. అది ఎద్దుల బండి నుంచి వచ్చిన మాట. వెనక నుంచి అదిలించి ముందుకు పంపడం. పశువుల్ని తోలతాం, పని లేనివాడు ఈగలు తోలుకుంటాడు. నడపడం వేరు. నడవడం అంటే తను నడవడం, నడపడం అంటే ఇంకొకదాన్ని నడిచేలా చేయడం. అందుకే నడపడం బండికే కాదు, కొట్టు నడుపుతారు, పత్రిక నడుపుతారు, సంసారం నడుపుతారు. రెండేళ్ళుగా వదిన సంసారం మొత్తం నడుపుతూనే ఉంది. ఇప్పుడు కారు కూడా. ఈ మాట కార్డులో వేద్దామనుకున్నాను, ఎంత బాగా కలిసిందో చూడండి. వేయలేదు. కార్డు అన్నయ్యగారు కూడా చూస్తారు. చూపు తగ్గింది కాబట్టి వదినే పైకి చదివి వినిపిస్తుంది. మీ ఆయన చేతిలో ఉండాల్సినవన్నీ మీ చేతికొచ్చాయి అన్నట్టుగా ఆమె నోటితోనే ఆయనకి వినిపించేలా నేను రాయకూడదు కదా.

అసలు చిక్కు అదే. ఆమెను మెచ్చుకునే ప్రతి వాక్యం ఆయన పక్కన ఒక ఖాళీ చూపిస్తుంది. 'ఇక మీకు ఎవరి మీదా ఆధారపడే పని లేదు' అని ఒకరు గుడిలో ఆమెతో అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అన్నయ్యగారు పక్కనే చెప్పులు వెతుక్కుంటున్నారు.

చివరికి బల్ల చుట్టూ నడిపించిన కథ నాకు దారి చూపించింది. ఇదీ కార్డు:

వదినా, లైసెన్సు వచ్చినందుకు అభినందనలు. కొత్త కారుకి శుభాకాంక్షలు. 'ఎడమ' అని అరిచి పాఠం చెప్పిన అన్నయ్యగారికి కూడా అభినందనలు, గురుదక్షిణ ఏం ఇచ్చారో చెప్పాలి. శుక్రవారం గుడికి మీ కారులోనే వస్తాను. క్షేమంగా వెళ్ళి క్షేమంగా రండి.

చివరి వాక్యం గురించి ఒక మాట. మన ఊళ్ళ పొలిమేరల్లో, లారీల వెనక 'క్షేమంగా వెళ్ళి లాభంగా రండి' అని రాసి ఉంటుంది. బేరానికి పోయేవాడికి అది మంచి దీవెన. వదిన ఎక్కువసార్లు వెళ్ళేది కంటి ఆసుపత్రికి. అక్కడి నుంచి లాభంగా రమ్మనడం బాగుండదని ఆ మాట మార్చాను. అలాగే కారు ఎక్కుతున్నవాళ్ళని 'ఎక్కడికి?' అని అడగరు, కావాలంటే 'దూరమా?' అంటారు. బయలుదేరేవాళ్ళు కూడా వెళ్తున్నాను అనరు, వెళ్ళొస్తాను అంటారు. వెళ్ళడంలోనే రావడం కూడా చెప్పేస్తారన్నమాట.

కారు సెకండ్ హ్యాండ్‌దే, తెల్లది, చిన్నది, ఆటోమేటిక్. ముల్కియా, అంటే ఇక్కడ కారు ఎవరిదో చెప్పే కార్డు, మొదటిసారి వదిన పేరు మీద వచ్చింది. పూజ ఎక్కడ చేయాలా అని ఆలోచించాం. మనామా బజారులో గుడి సందులో కారు తిప్పడమే కష్టం, కొత్త డ్రైవరుకి అసలే వద్దు. హూరాలో మా బిల్డింగు వెనక ఇసుక నేల ఉంది, అందరూ అక్కడే పార్కు చేస్తారు. శుక్రవారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, అక్కడే పెట్టుకున్నాం.

విజయవాడలో దుర్గమ్మ కొండ దగ్గర, హైదరాబాదులో కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర కొత్త బళ్ళకి పూజలు చేయించడం మీరు చూసే ఉంటారు. అక్కడ పూజారిగారు చేస్తారు, పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంటి దగ్గర మనమే చేసుకుంటే కొన్ని చూసుకోవాలి. పసుపు, కుంకుమ తడిపి అద్దం మీద బొట్టు పెట్టేటప్పుడు డ్రైవరు చూపుకి అడ్డం రాకూడదు, నంబరు ప్లేటు మీద పడకూడదు. పసుపు మరక ఎండకి కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, తెల్ల కారు మీద కుంకుమ మాత్రం ఆ రోజే తుడిచేయాలి. హారతి పళ్ళెంలోనే వెలిగించి దూరంగా తిప్పాలి. కొబ్బరికాయ పక్కన రాయి మీద కొట్టి చిప్పలూ ముక్కలూ అన్నీ ఏరేయాలి. ఇది పదిమంది తిరిగే చోటు, పొరుగువాళ్ళ టైర్లు కూడా ఉన్నాయి.

నిమ్మకాయల దగ్గరే అసలు జాగ్రత్త. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టి దిష్టి పోవడానికి వాటి మీదుగా కారు పోనిస్తాం. ఆ క్షణంలో అందరూ ఫోన్లు పట్టుకుని కారు ముందు నిలబడతారు. లోపల ఉన్నది కొత్త డ్రైవరు, బయట అందరూ 'పోనీ పోనీ' అని అరుస్తుంటారు, కంగారులో కాలు బలంగా పడుతుంది. ఆటోమేటిక్ కారుకి యాక్సిలరేటర్ అక్కరే లేదు. డి లో పెట్టి బ్రేకు మీద నుంచి కాలు మెల్లగా తీస్తే కారే పాకుతుంది, నిమ్మకాయ నలగడానికి ఆ కాస్త చాలు. నలగకుండా పక్కకి జారితే మళ్ళీ పెట్టుకోవచ్చు. గుడిలో వాలంటీరు పని చేసి చేసి నాకు జనాన్ని పక్కకి నిలబెట్టే గొంతు వచ్చింది. ఆ రోజు ఫోన్లన్నీ ఎడమవైపు గోడ వారకి పంపించాను.

తాళంచెవి హారతి పళ్ళెంలో పెట్టాం. పూజ అయ్యాక దాన్ని ఎవరు తీసి ఇవ్వాలి అని ముందు ఎవరమూ అనుకోలేదు. వదిన పళ్ళెం వైపు చేయి చాచి ఆగింది. అన్నయ్యగారు తడుముకుని తాళం తీసి, కళ్ళకద్దుకుని ఆమె చేతిలో పెట్టారు. తర్వాత కారు చుట్టూ, బానెట్ మీద ఒక చేయి ఆనించి నడుస్తూ, ముప్పై ఏళ్ళ అలవాటు ప్రకారం డ్రైవరు తలుపు దగ్గరికే వెళ్ళారు. తలుపు తెరిచి ఆమెను కూర్చోబెట్టి, తిరిగి ఇటువైపు వచ్చి పక్కసీట్లో కూర్చున్నారు.

పై అంతస్తు బహ్రెయినీ ఆవిడ కిటికీలోంచి 'మబ్రూక్' అని కేకేసింది. వదిన అద్దం దించి అరబ్బీలో సరిగ్గా జవాబు చెప్పింది. నేను వెనకసీట్లో ఎక్కాను. ఇసుక దాటి రోడ్డు దగ్గరికి రాగానే కారు ఆగింది, ముందు ఇద్దరి మెడలూ ఒకేసారి ఎడమవైపు తిరిగాయి.